కొబ్బరినీళ్ల ప్రశ్న

పలాసలో మా ఆఫీసు కిడ్నీ రోగుల ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ తయారుచేస్తుంది. ప్రతి కొత్త వెర్షన్‌నీ అవే రెండు వందల ప్రశ్నలడిగి, జవాబు సరైనదా, మర్యాదగా ఉందా అని మార్కులు వేస్తాం. ఒకసారి సగటు పెరిగిందని నేను ఎగిరి గంతేశాను. మార్కులు వేసే నర్సు, కంచిలి నుంచి వచ్చే నర్సమ్మ మాత్రం పాత, కొత్త జవాబులు పక్కపక్కన పెట్టి ఓపిగ్గా ఒక్కొక్కటే పోల్చింది. డయాలసిస్ రోగి కొబ్బరినీళ్లు తాగొచ్చా అంటే, పొటాషియం ఎక్కువ, గుండె ఆగొచ్చు, వద్దంది పాతది. ఎండల్లో మంచిది, తాగమంది కొత్తది, ఎంతో మర్యాదగా.

“ఒక్క జవాబే కదమ్మా, సగటు పెరిగిందిగా!” అని విసుక్కున్నాను.

“మరా నీళ్లు తాగినోడు సగటున సచ్చిపోతాడేటి బాబూ?”

వెంటనే ఆ వెర్షన్ ఆపేశాను. ప్రాణం మీదికి తెచ్చే జవాబుకు మర్యాద మార్కులు కూడా ఉండవన్న నియమం ఆ రోజు ఆవిడ పెట్టిందే.