చెమటతో లేచే దద్దుర్లు

పోలీసు ఉద్యోగం నాకు ఎందుకు రాలేదని మా నగరి ఊళ్లో ఎవరైనా అడిగితే, ఒంటికి పడలేదని చెప్పి ఊరుకుంటాను. అది అబద్ధం. నా ఒళ్లు ఆ రోజు నన్ను మోసం చేయలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా నూలు ఇంకా సర్కారు కంట్రోలులోనే ఉండేది. నూలు చాలక మా ఇంటి మగ్గం వారంలో సగం రోజులు ఊరికే పడి ఉండేది. ఇంటికి ఒక జీతం రావాలంటే నేను కానిస్టేబులు కావాలి. పరుగులో నన్ను మించినవాడు మా వీధిలో లేడు. కానీ పరుగెత్తి ఒళ్లు వేడెక్కిందంటే చాలు, మెడ నుంచి పొట్ట దాకా ఆవగింజలంత దద్దుర్లు, చుట్టూ ఎర్రగా లేచేవి. దురద కాదు అది, సూదులతో పొడిచినట్టు ఉండేది. వేన్నీళ్లు పోసుకున్నా, కారం తిన్నా, ఎవరైనా నలుగురిలో కోప్పడినా అంతే.

అమ్మకు తెలిసిన వైద్యం కంబళి. దానితో బరబరా రుద్ది, మళ్లీ దాన్నే కప్పి చెమట పట్టేదాకా పడుకోబెట్టేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కంబళిలో అవి రెట్టింపయ్యేవి. పైగా వంకాయ మాన్పించింది. మామిడిపళ్లు వేడి అని మాన్పించింది. చిత్తూరు జిల్లాలో పుట్టి ఎండాకాలమంతా పక్కవాళ్లు టెంకలు చీకుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

మొదటిసారి పోలీసు ఎంపికకు వెళ్లి చిత్తూరు మైదానంలో పరుగు గెలిచాను. వెంటనే చొక్కాలు విప్పించి వరుసలో నిలబెట్టారు. పరీక్ష చేసే డాక్టరు నా రొమ్ము చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అంటురోగమని పంపేశాడు. నా పక్కన నిలబడ్డవాళ్లు నన్ను తాకిన భుజాలు తుడుచుకున్నారు.

ఆ కోపంతోనే మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి ముసలి డాక్టరు మందు రాయలేదు, ముందు నన్ను ఆసుపత్రి మెట్లు ఎక్కించి దింపించాడు. దద్దుర్లు లేచాయి. నీడలో కూర్చోబెట్టి, గంట తిరగకముందే అవి ఆనవాలు లేకుండా పోవడం నాకే చూపించాడు. ఇది అంటేది కాదు, తిండివల్ల పుట్టిందీ కాదు, ఒళ్లు వేడెక్కి చెమట పట్టాలని నరాలు కబురు పంపినప్పుడు నీ చర్మం ఇలా తిరగబడుతుంది అన్నాడు. వేన్నీళ్లు, కారం తగ్గించుకోమన్నాడు. మద్రాసు నుంచి కొత్తగా వస్తున్న మాత్రలు ఇచ్చాడు. అవి ఆ సూదిపోటు తగ్గించేవి, కానీ మగ్గం మీదే నిద్ర ముంచుకొచ్చేది. చివర్లో అసలు మాట చెప్పాడు.

“ఒకసారి బాగా లేచి అణిగినాయంటే, సానామందికి ఆ పూటంతా మళ్లీ లెయ్యవు. దినామూ పరిగెత్తి చెమట పట్టించుకో. రానురాను అవే తగ్గుతాయి.”

ఆ మాట పట్టుకుని రోజూ తెల్లవారుజామున కొండదారిన పరుగెత్తాను. మొదట్లో ఏడుపొచ్చేది. కొన్ని నెలలకు దద్దుర్లు పలచబడ్డాయి. మరుసటి ఏడు ఎంపిక రోజున మాత్ర వేసుకోలేదు, మత్తుకు పరుగు చెడుతుందని. చీకటితోనే చిత్తూరు ఊరి బయట పరుగెత్తి, ఉన్నవన్నీ లేపి, అణిగాక బావి దగ్గర చన్నీళ్లు పోసుకుని మైదానానికి వెళ్లాను.

పరుగు గెలిచాను. చొక్కా విప్పి నిలబడ్డాను. అదే డాక్టరు. నా రొమ్ము మీద చెమట తప్ప ఏమీ లేదు. గుర్తుపట్టకుండానే తల ఊపి పక్కవాడి వైపు తిరిగాడు.

నేను వద్దన్నా వినకుండా అమ్మ ఆ రోజు సద్దిమూటతో నా వెంట వచ్చింది. కంచె అవతల జనంలో నిలబడి అక్కడి నుంచే డాక్టరును పిలిచింది.

“సామీ, నా కొడుకును ఎండలో నిలబెట్టొద్దు. వానికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పోయినేడు గూడా ఈడనే లేసినాయి.”

డాక్టరు నా వైపు మళ్లీ తిరిగాడు. పోయినేడు వచ్చినవాడివి నువ్వేనా అని అడిగాడు. మిషన్ డాక్టరు చెప్పిందంతా చెప్పాను. రోజూ పెరేడ్ చేస్తే అదే నాకు మందు అని బతిమాలాను. ఆయన విన్నాడు, కాదనను. విని, “డ్యూటీ సేసేది ఎండలోనే గదప్పా” అని నన్ను వరుసలోంచి పక్కకు నిలబెట్టాడు.

తిరుగు బస్సులో నాకు అమ్మను కొట్టాలన్నంత కోపం వచ్చింది. పళ్లు బిగించి కూర్చున్నాను. మామూలుగా అంత కోపానికి మెడంతా నిప్పులు పోసినట్టు కావాలి. అమ్మ భయపడి నా చొక్కా కాలరు పక్కకు జరిపి, మెడ, వీపు తడిమి చూసింది. ఆమె ముఖం విప్పారింది.

“సూడు నాయనా, ఈ పొద్దు ఒకటి గూడా లెయ్యలా” అంది.