పదహారింట ఒకటి ఎందుకు కాదంటే

ఎనభైల మొదట్లో నేను దేశ రాజధానిలో, మునిర్కా అనే పేటలో ఒక అద్దె గదిలో ఉండేదాన్ని. పగలు యూనివర్సిటీలో జెనెటిక్స్ రీసెర్చి, సాయంత్రాలు రెండు బస్సులు మారి జనక్‌పురి. అక్కడ ఒక ఇంటి కింది వాటాలో మెడికల్ ఎంట్రన్స్‌కి కోచింగ్ సెంటర్ ఉండేది. అందులో జీవశాస్త్రం నాది. నాకు కోపం ఎక్కువని పిల్లలందరికీ తెలుసు. చాక్‌పీసు విసరనన్న మాటే గాని, చూపుతోనే ఆ పని కానిచ్చేదాన్ని.

ఆ రోజుల్లో నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే పరీక్షలంటే పిల్లలకి ఒక లెక్క ఉండేది. జన్యువుల క్రాస్ లెక్క కనబడగానే తొమ్మిది, మూడు, మూడు, ఒకటి అని బట్టీపట్టిన నిష్పత్తి చదివేసి టిక్కు పెట్టేయడం. నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే నా క్లాసులో ఒక రూలు పెట్టాను. సరైన జవాబు ఏదో ముందు చెప్పకూడదు. తప్పు జవాబులు మూడూ ఎందుకు తప్పో చెప్పాలి. ఊరికే తప్పు అంటే కుదరదు, ఏ పొరపాటు చేసినవాడికి ఆ జవాబు వస్తుందో చెప్పాలి. పరీక్ష పేపరు తయారుచేసేవాళ్ళు తప్పు జవాబుల్ని గాల్లోంచి తియ్యరు. పిల్లలు ఎక్కడ జారిపడతారో చూసి సరిగ్గా అక్కడే గొయ్యి తవ్వుతారు. నేనూ అదే పని చేసేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

సెంటర్ నడిపే సర్‌కి ఇది నచ్చేది కాదు. "మేడమ్, ఒక్క సవాల్‌కి అరగంటా? సహీ జవాబ్ బతాయియే, ఆగే బఢియే" అనేవారు, ఒక్క ప్రశ్న మీద కూర్చోకుండా సరైన జవాబు చెప్పి ముందుకి సాగమని. నేను అచ్ఛా అని తలూపి, నా పద్ధతిలోనే చెప్పుకునేదాన్ని.

ఆ బ్యాచ్‌లో ఒక తెలుగు అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న సైన్యంలో సుబేదారు, ఊరు విజయనగరం వైపు. ఇల్లు కంటోన్మెంట్ క్వార్టర్లలో. అప్పటికి ఆరు స్కూళ్ళు మారిందట. తెలుగు అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే హిందీ కలవకుండా వాక్యం పూర్తయ్యేది కాదు. క్లాసులో పెదవి విప్పేది కాదు, నోటుబుక్కులో మాత్రం అన్నీ రాసుకునేది.

సంవత్సరం మధ్యలో వాళ్ళ నాన్నకి మళ్ళీ బదిలీ వచ్చింది. ఈసారి ఎక్కడో సరిహద్దు దగ్గర, కాలేజీ పేరే వినబడని చోటు. ఆయన ఒకరోజు సెంటర్‌కి వచ్చి నాతో మాట్లాడారు. "పిల్ల మీ స్పెషల్ బ్యాచ్‌లోకి వెళ్తే, తల్లినీ పిల్లనీ పరీక్ష అయ్యేదాకా ఇక్కడే ఉంచేస్తానమ్మా. క్వార్టర్ ఉంచుకోడానికి మా సాహెబ్ ఒప్పుకున్నారు. వెళ్ళలేదనుకోండి, అందరం కలిసే పోతాం. దానికి డాక్టరు చదువు రాసిపెట్టి లేదనుకుంటాను" అన్నారు. పక్కనే నిలబడ్డ ఆ పిల్ల నేలకేసి చూస్తూ చున్నీ అంచు పోగులు పీకుతోంది.

స్పెషల్ బ్యాచ్ అంటే ఇరవై మంది. వాళ్ళని ఎంచడానికి సర్ ఒక టెస్టు పెట్టారు. జీవశాస్త్రం ప్రశ్నలు నావి.

నా ప్రశ్నలన్నీ అట్టముక్కల మీద ఉండేవి. ముందువైపు ప్రశ్న, నాలుగు జవాబులు. వెనకవైపు సరైన జవాబు అక్షరం ఒక్కటే. టెస్టుకి కావలసిన అట్టలు ఏరి, ముందువైపు చూసి స్టెన్సిల్ కొట్టించడం, వెనకవైపు చూసి కీ రాసుకోవడం. ఎంత హాయైన పద్ధతి అని మురిసిపోయేదాన్ని!

ఫలితాలు గోడకి అంటించారు. ఆ అమ్మాయి ఇరవై ఒకటో స్థానం. ఒక్క మార్కు తక్కువ.

ఆ సాయంత్రం క్లాసయ్యాక తను నా బల్ల దగ్గరికి వచ్చి పేపరు పెట్టింది. "మేడమ్, ఈ సవాల్ ఒకసారి దేఖ్ లీజియే. నాది సరిగ్గానే ఉంది."

ఒంట్లో రంగు తయారవ్వని లోపం, అదే ఆల్బినిజం మీద ప్రశ్న. లోపపు జన్యువులు రెండూ వస్తేనే బయటపడుతుంది, ఒక్కటే ఉంటే మనిషి మామూలుగానే ఉంటాడు, కానీ పిల్లలకి అందించగలడు. భర్త, భార్య, ఇద్దరి తల్లిదండ్రులు, అందరూ మామూలువాళ్ళే. కానీ భర్తకి ఒక తోబుట్టువు, భార్యకి ఒక తోబుట్టువు ఈ లోపంతో పుట్టారు. ఈ దంపతుల మొదటి బిడ్డకి లోపం వచ్చే అవకాశం ఎంత? ఎ: నాలుగింట ఒకటి. బి: పదహారింట ఒకటి. సి: తొమ్మిదింట నాలుగు. డి: తొమ్మిదింట ఒకటి.

తను డి పెట్టింది. నేను అట్ట తిప్పి చూశాను. వెనక బి అని ఉంది.

"బి. నా అట్ట మీద రాసుంది. మార్కుల కోసం బేరాలాడకు" అన్నాను.

ఇంకో పిల్లయితే ఏడ్చుకుంటూ పోయేది. ఈ పిల్ల పోలేదు. గొంతు వణుకుతున్నా, "మీరే కదా మేడమ్, కీ చూసి జవాబు నమ్మొద్దన్నారు. మూడు తప్పుల్నీ కొట్టేశాకే నాలుగోది నమ్మమన్నారు. నేను కొట్టేశాను. నా బాత్ ఒక్కసారి వినండి" అంది.

నాకు సర్రున మండింది. "అంత తెలిస్తే బోర్డు మీద రాయి, చూద్దాం" అని చాక్‌పీసు చేతిలో పెట్టాను. ఆ గొడవకి సర్ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

తను ఎ తో మొదలుపెట్టింది. "నాలుగింట ఒకటి ఎవరికొస్తుందంటే, భర్త దగ్గరా భార్య దగ్గరా ఆ జన్యువు ఖాయంగా ఉందనుకున్నవాళ్ళకి. తోబుట్టువుకి లోపం ఉంటే తల్లిదండ్రులిద్దరి దగ్గరా జన్యువు ఉండటం పక్కా. వీళ్ళ దగ్గర ఉండటం పక్కా కాదు." ఎ కొట్టేసింది.

తర్వాత సి. "తొమ్మిదింట నాలుగు అంటే, భార్యాభర్తలిద్దరూ జన్యువు మోసేవాళ్ళయ్యే అవకాశం. అక్కడికి సరిగ్గానే వచ్చి ఆగిపోయినవాళ్ళది ఇది. ప్రశ్న బిడ్డ గురించి. బిడ్డ దాకా వెళ్ళాలి, ఇంకో నాలుగింట ఒకటితో గుణించాలి." సి కూడా పోయింది.

"బాగుంది. ఇప్పుడు నా బి ని కొట్టు" అన్నాను చేతులు కట్టుకుని.

తను బోర్డు మీద నాలుగు గడులు గీసింది, భర్త తల్లిదండ్రులకి పుట్టే బిడ్డకి రాగల నాలుగు జతలకి. మొదటి గడిలో రెండు మంచి జన్యువులు, మధ్య రెండిట్లో ఒక మంచిదీ ఒక లోపపుదీ, చివరి గడిలో రెండూ లోపపువే. "పదహారింట ఒకటి ఎక్కడిదంటే, భర్త జన్యువు మోసే అవకాశం సగం, భార్యది సగం, బిడ్డకి నాలుగింట ఒకటి. కానీ సగం అనడమే గలత్ మేడమ్."

"ఎందుకు తప్పు? నాలుగు గడుల్లో రెండు. రెండంటే సగం కాదా?" అని గద్దించాను. కోపంలో నేను పిల్లల కోసం తవ్విన గోతిలోకి నేనే దిగుతున్నానని నాకు తోచనేలేదు.

తను చివరి గడి మీద పెద్ద ఇంటూ గీసింది. "భర్త ఈ గడిలో ఉండడు మేడమ్. ఉంటే ఆయనకీ లోపం ఉండాలి. ఆయన మామూలుగా ఉన్నాడని ప్రశ్నలోనే చెప్పారు. ఇక మిగిలినవి మూడే గడులు. మూడింట్లో రెండు. భార్యకీ అంతే."

ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. "ప్రతి కాన్పూ దేనికదే. తోబుట్టువు ఎలా పుట్టాడన్నది ఈయన్ని ఎలా మారుస్తుంది?" అన్నాను.

"తోబుట్టువు ఈయన్ని మార్చడు మేడమ్. తల్లిదండ్రుల గురించి చెప్తాడంతే. ఈయన గురించి చెప్పేది ఈయన రంగే." ఆమె గొంతులో వణుకు ఎప్పుడు పోయిందో గమనించలేదు. మూడింట రెండుని మూడింట రెండుతో గుణించి తొమ్మిదింట నాలుగు రాసింది. దాన్ని నాలుగింట ఒకటితో గుణించి, ముప్ఫై ఆరింట నాలుగు, అంటే తొమ్మిదింట ఒకటి అని రాసి, కింద గీత గీసి, నావైపు తిరిగింది.

అట్టని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఒక్క క్షణం సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ అట్ట మీద ముందు వేరే ప్రశ్న ఉండేది. భార్యాభర్తల్లో ఒక్కొక్కరికీ తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గరే, అదీ ఒక్కటే, లోపపు జన్యువు ఉంటే అనే ప్రశ్న. దానికి సగం, సగం, నాలుగింట ఒకటి సరైన లెక్కే. జవాబు బి. దాన్ని కష్టం చెయ్యాలని ప్రశ్న మార్చి, జవాబులు మార్చి, తొమ్మిదింట ఒకటిని డి లో పెట్టి, వెనక అక్షరం మార్చడం మరిచాను. పాత బి ని పిల్లల్ని పట్టుకునే వలగా ఉంచాను. ఆ వలలో పడింది నేను!

అప్పుడు నాకు వచ్చింది కోపం కాదు. ఆనందం, పట్టలేని ఆనందం. ఆరు స్కూళ్ళు మారిన, నోరు విప్పని పిల్ల, నేను నేర్పిన పద్ధతితోనే నన్ను బోర్డు మీద మట్టికరిపించింది. అంతకన్నా ఏం కావాలి టీచరుకి?

"తప్పు నాదే. నువ్వే కరెక్టు. శభాష్!" అని అరిచాను.

సర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఠీక్ హై మేడమ్. చుప్‌చాప్ ఈ అమ్మాయి పేరు చేర్చేద్దాం. కీ తప్పని అందరికీ తెలిస్తే సెంటర్ ఇజ్జత్ పోతుంది."

"కుదరదండి. ఈ పిల్ల దొడ్డిదారిన రాలేదు. అన్ని పేపర్లూ మళ్ళీ దిద్దుతాను. కీ తప్పని నా పేరుతో నేనే గోడకి అంటిస్తాను" అన్నాను.

అక్కడే కూర్చుని దిద్దాను. నా కీ పుణ్యాన మార్కు పోయినవాళ్ళు ముగ్గురు. ఈ అమ్మాయి పందొమ్మిదో స్థానానికి వచ్చింది. బి పెట్టిన ఒక కుర్రాడు ఇరవై దాటి కిందికి జారాడు. నా తప్పుకి వాడినెందుకు బలిచెయ్యాలని సర్‌తో పోట్లాడి, ఇరవై ఒకటో కుర్చీ వేయించాను. సర్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

ఇంతలో కూతుర్ని తీసుకెళ్ళడానికి సుబేదారుగారు వచ్చారు. గోడ మీది పాత జాబితా వీధిలోంచే చదివేశారు కాబోలు, ముఖం వేలాడేసుకుని ఉన్నారు. "పోనీలెండమ్మా. రేపటినుంచి సామాను కట్టడం మొదలెట్టేస్తాం" అన్నారు.

"జాబితా తప్పండి. కొత్తది రాస్తున్నాను. మీ అమ్మాయిది పందొమ్మిదో పేరు" అన్నాను.

ఆయనకి నమ్మకం చాల్లేదు. బోర్డు మీద గడులూ ఇంటూ మార్కులూ చూసి, "ఇదంతా ఏటమ్మా?" అన్నారు.

"నేను చేసిన తప్పండి. మీ అమ్మాయి దిద్దింది."

ఆయన బోర్డుని ఎగాదిగా చూశారు. లెక్క అర్థమైందో లేదో గాని, నడుం నిటారుగా పెట్టి నిలబడ్డారు. కూతురివైపు తిరిగి, "నీ తప్పు కాదు కదా?" అని అడిగారు.

"కాదు నాన్నా. మేడమ్‌ది" అంది ఆ పిల్ల, మొదటిసారి ఒక్క హిందీ మాట కూడా లేకుండా.

"అయితే మీ అమ్మకి చెప్పు," అన్నారాయన. "బట్టలు మాత్రం నావొక్కడివే సర్దమని."