ముగించకుండా వదిలేసిన మెర్జ్

మా సీనియర్ మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి నన్ను మంచిదాన్ననుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ అనుకునేదేదో చివరిదాకా ఆగి అనుకోండి.

రెండువేల దశకం ఆఖరి సంవత్సరాలు. ద్వారకా నగర్‌లో ఒక మెట్ల బిల్డింగు, రెండో అంతస్తులో మా ఆఫీసు. కింద కోచింగ్ సెంటరు, పైన మేం. పోర్టుకి వచ్చే లారీల్ని తూచే కాటాలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. లారీ ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి కాటా ఎక్కుతుంది. రెండు తూకాలకీ తేడా ఎంతో అదే సరుకు. ఖాళీ తూకంలో మోసం జరగకుండా పాత తూకాలతో పోల్చి చూసే ముక్క నాది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఇంకా ట్రైనీనే. కన్ఫర్మేషన్ లెటర్ చేతికొస్తే మా ఊళ్ళో మా నాన్న ముందు తలెత్తుకోవచ్చు, రాకపోతే వెనక్కి వచ్చేయమంటారు. అదీ నా సంగతి.

మా టీముకి సీనియర్ ఒకాయన. కృష్ణా జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చిన కుటుంబం. పని వచ్చు, కాదనను. కానీ నేను నోరు తెరిస్తే చాలు, "ఏటి సేత్తన్నావమ్మా?" అని నా యాసనే నాకు అప్పజెప్పి నవ్వేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వేవారు. నేనూ పళ్ళు బిగబట్టి నవ్వేదాన్ని.

ఒళ్ళు మండించింది అది కాదు. అందరం రాసిన కోడ్‌ని దాచి కలిపే సాఫ్ట్‌వేర్ గిట్. ఒకరోజు సర్వర్ నుంచి కొత్త మార్పులు లాగుదామని నా సిస్టంలో పుల్ కొడితే అది ఒప్పుకోలేదు. అంతకుముందు మొదలుపెట్టిన మెర్జ్, అంటే రెండువైపుల మార్పుల్ని కలపడం, ఇంకా ముగియలేదు, ముందు దాని సంగతి చూడమని ఇంగ్లీషులో మొహాన కొట్టినట్టు చెప్పింది. ఆ మెర్జ్‌లో నా లైన్లూ అవతలివాళ్ళ లైన్లూ ఒకేచోట తగులుకున్నాయి. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో విడదీస్తున్నాను. విడదీసినవాటిని గిట్‌కి అప్పజెప్పడాన్ని ఆడ్ అంటాం, ఇంకా దేన్నీ ఆడ్ చెయ్యలేదు. పుల్ ఎందుకు కావట్లేదో తెలీక ఆయన్నడిగాను, అదీ నా ఖర్మ.

"తప్పుకో" అన్నాడు. నిలబడే కీబోర్డు లాక్కుని రీసెట్ హార్డ్ అని కొట్టాడు. మెర్జ్ రద్దయింది. ఇప్పుడు పుల్ చకచకా వచ్చేసింది. దాంతోపాటు నా రెండు రోజుల పనీ కొట్టుకుపోయింది. ఆడ్ చేసి ఉంటే గిట్ తన గోదాములో ఒక కాపీ దాచుకునేది. చెయ్యలేదు కాబట్టి ఎక్కడా ఆనవాలు లేదు.

"నా పని, సార్..." అన్నాను.

"పోతే మళ్ళీ రాసుకో, చేతులు నొప్పా?" అన్నాడు.

అదైనా సహించాను. ఆ వారం మీటింగులో మేనేజరు నా పని ఏదని అడిగాడు. ఈయన గొంతైనా సవరించుకోకుండా, "చేస్తున్నానంటుంది సార్, చూపించడానికేం లేదు" అన్నాడు. నా కన్ఫర్మేషన్ మూడు నెలలు వెనక్కి పోయింది. మద్దిలపాలెంలో బస్సు దిగి హాస్టల్‌కి నడుస్తూ ఆయన్ని మా ఊరి భాషలో ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. ఒక్కటీ ఇక్కడ రాయను, మీరు తట్టుకోలేరు.

పోయిన పని మళ్ళీ రాసి, నా కోడ్ విడిగా ఉండే నా బ్రాంచ్‌లో సర్వర్‌కి పంపాను. ఆ తర్వాత మధ్యాహ్నాలు భోజనం మానేసి గిట్ చదివాను. నేర్చుకోవాలని కాదు, మళ్ళీ ఎవడూ నా కీబోర్డు లాక్కోకూడదని.

మా ఆఫీసులో పోర్టుకి పంపే ప్రోగ్రాం, అదే రిలీజ్, తీసే సిస్టం ఒక్కటే. అందరి పనీ అక్కడే కలవాలి. దానిమీద ఎవరైనా మెర్జ్ మొదలుపెడితే పోర్టు సైటుకి పెట్టుకెళ్ళే పచ్చ హెల్మెట్ తీసి మోనిటరు నెత్తిన బోర్లించాలి. హెల్మెట్ ఉంటే ఎవరూ ఆ సిస్టం ముట్టరు. లేకపోతే ఖాళీ అని లెక్క. రాసిపెట్టుకున్న రూలు కాదు, కానీ మేనేజరు కూడా పాటించేవాడు.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం, సోమవారం జరిగే డెమోకి రిలీజ్ తియ్యాలి. తూకం స్లిప్పుల ప్రింటు చూసే అక్క తన మార్పులు సర్వర్‌కి పంపింది. "అవి రిలీజ్ సిస్టంలోకి లాగి బిల్డ్ తియ్యమ్మా" అని మేనేజరు నాకు చెప్పాడు. వెళ్ళి చూస్తే మోనిటరు మీద హెల్మెట్ లేదు. పుల్ కొట్టాను.

గిట్ మళ్ళీ అదే పాట పాడింది. మెర్జ్ ముగించలేదట!

స్టేటస్ చూశాను. ఫైళ్ళన్నీ కమిట్‌కి సిద్ధంగా ఉన్న వరుసలో ఉన్నాయి. గొడవలన్నీ తీర్చేసి, ఆడ్ కూడా చేసేశారు. ఇదంతా ఖాయం అని చెప్పే కమిట్ ఒక్కటి కొడితే అయిపోయేది. పొద్దున్నించీ ఆ సిస్టం ముందు కూర్చున్నది ఆయనే. ప్రింటు అక్కనడిగితే చెప్పింది. గంట క్రితం కాటా దగ్గర మెషీను ఆగిపోయిందని ఫోనొచ్చిందట, ఆయన పరుగెత్తాడట. హెల్మెట్ లేకపోతే పోర్టు గేటు దాటనివ్వరు. మోనిటరు మీదది తీసి నెత్తిన పెట్టుకుపోయాడు.

అబ్బ! దేవుడు కంచంలో వడ్డించినట్టే అనిపించింది.

ఆయన సెల్ నంబరు నా దగ్గరుంది. అడగొచ్చు. ఎవరి బ్రాంచ్ కలుపుతున్నాడో చూడొచ్చు. లేదా ఉన్నది ఉన్నట్టు కమిట్ కొట్టి ముగించొచ్చు. ఇవేవీ చెయ్యలేదు. ఫైళ్ళ పేర్లు కూడా సరిగ్గా చదవలేదు. రీసెట్ హార్డ్ అని కొట్టాను. ఎంటర్ కొంచెం గట్టిగానే నొక్కాను. మెర్జ్ రద్దయింది. పుల్ వచ్చింది. బిల్డ్ తీశాను.

నేను చేసినదానికీ ఆయన చేసినదానికీ ఒక తేడా ఉంది, అది నాకు తెలుసు. ఆయన ఆడ్ చేశాడు కాబట్టి ఆ ఫైళ్ళు గిట్ గోదాములో పేర్లు లేకుండా పడి ఉంటాయి. వెతికితే దొరుకుతాయి. ఓ రెండు వారాలు దాటాక ఆ గోదాం ఊడిస్తేనే పోతాయి. కాసేపు ఏడిపించి, బతిమాలించుకుని, అప్పుడు తీసిద్దామనుకున్నాను. అదీ నా పథకం.

నాలుగింటికి ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు. సిస్టం ముందు కూర్చుని ఓ నిమిషం చూసి, "నా మెర్జ్ ఏదమ్మా?" అన్నాడు.

"పుల్ రాలేదు సార్, రద్దు సేసేసినాను. హెల్మెట్ నేదు కదా" అన్నాను. కావాలనే నా యాసలోనే అన్నాను.

"పొద్దున్నించీ కూర్చున్నానే! మళ్ళీ వస్తుందా అది?"

"రాదు సార్. మళ్ళీ రాసుకోవాల."

ఆ మాట అన్నప్పుడు కలిగిన ఆనందం ఏ జీతం అందుకున్నప్పుడూ కలగలేదు, నిజం. ఈలోగా మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. ఏమైందని అడిగాడు. ఆయన నన్ను తిడతాడని ఎదురు చూశాను. ఎదురు తిరగడానికి నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి కూడా.

"తప్పు నాదే సార్. ముగించకుండా పోయాను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ బ్రాంచేనమ్మా కలుపుతున్నది. ఖాళీ తూకానిది" అన్నాడు.

అప్పుడే, అక్కడే, "ఉండండి సార్, వెనక్కి తీసుకురావచ్చు" అనాలి. పది నిమిషాల పని. కానీ రాదని ఇప్పుడే కదా అన్నాను. వస్తుందని ఎలా చెప్పను? ఇంతసేపూ తెలిసే ఏడిపించానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆయన నెగ్గినట్టు. చావనైనా చస్తాను గానీ ఆయన్ని నెగ్గనివ్వను అనుకున్నాను. నోరు మూసుకున్నాను. మళ్ళీ కలిపే టైము లేక నా బ్రాంచ్ లేకుండానే రిలీజ్ వెళ్ళింది.

సోమవారం డెమోలో పోర్టువాళ్ళు మొట్టమొదట అడిగింది ఖాళీ తూకం సంగతే. మేనేజరు మొహం మాడిపోయింది. ఆ కోపమంతా సీనియర్ మీద చూపించి, పరవాడ వైపు ఇంకో సైటుకి పంపేశాడు. నా కన్ఫర్మేషన్ మాట ఎత్తితే, "నీ పని లోపలికి రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు.

వెళ్ళే రోజు ఆయన నన్ను మెట్ల మీద ఆపాడు. "అప్పుడు నీ రెండు రోజుల పని పోగొట్టింది నేనే. మీటింగులో ఆ మాట చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. అందుకే ఈసారి నా చేత్తోనే నీది లోపల పెడదామనుకున్నాను" అన్నాడు.

"అలాగే సార్" అన్నాను. జాలేసిందనుకుంటున్నారా? ఇంకా మండింది. అవమానించింది పదిమందిలో, క్షమాపణ మెట్ల మీద! పదిమందిలో చెప్పు అందామనుకున్నాను. అనలేదు. అంటే నేనూ పదిమందిలో చెప్పాల్సింది ఒకటుంది.

మర్నాడు రిలీజ్ సిస్టం మీద హెల్మెట్ బోర్లించి గిట్ గోదాం వెతికించాను. పేర్లు లేని ముక్కలు కొన్ని దొరికాయి, అన్నీ తెరిచి మా ఫైళ్ళేవో పోల్చుకున్నాను. తగులుకున్న ఫైళ్ళు మూడు. మూడింట్లోనూ ఆయన తన లైన్లు తీసేసి నావి ఉంచాడు. ఒక్కచోట మాత్రం మార్చాడు. లారీ నంబరు మారితే పాత తూకం తప్పుగా పట్టుకుంటోంది, నేను చూసుకోని తప్పు అది. ఆయన సరిదిద్ది, పక్కన తన పేరు పొడి అక్షరాలు, ఎందుకు మార్చాడో ఒక ముక్క రాసి పెట్టాడు. అది అలాగే పోర్టులో నడిచుంటే నా ఉద్యోగం ఆ వారమే ఊడేది.

నా బ్రాంచ్ మళ్ళీ మెర్జ్ చేశాను. అవే మూడు ఫైళ్ళలో అవే గొడవలు వచ్చాయి. వాటి చోట ఆయన ఫైళ్ళు పెట్టి ఆడ్ చేశాను. ఆయన రాసిన ఆ ముక్కా, పొడి అక్షరాలూ చెరిపేసి మళ్ళీ ఆడ్ చేశాను. నా పేరుతో కమిట్ కొట్టాను. ఈసారి మెర్జ్ శుభ్రంగా ముగిసింది, పుల్ ఏ పేచీ పెట్టకుండా వచ్చింది.

నెల తిరక్కుండా కన్ఫర్మేషన్ లెటర్ ఇచ్చారు. లారీ నంబరు తప్పు పట్టుకున్నందుకు మేనేజరు అందరి ముందూ నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి థాంక్యూ సార్ అన్నాను.