బాణంలో పట్టని మాట

నందిగామలో బోర్డులు రాసే కృపారావుకి ఒక పిచ్చి ఉండేది. ఏ ఊరు వెళ్లినా మనుషుల్ని పలకరించక ముందే గోడల మీది అక్షరాల్ని పలకరించేవాడు. వంకరగా ఉన్న దీర్ఘం కనిపిస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. అలాంటివాడికి పంతొమ్మిది వందల అరవై రెండులో బ్లాకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

పిలిచింది రైతులకు సేద్యం సలహాలు చెప్పే గ్రామసేవక్ భవానీప్రసాద్. మద్రాసు నుంచి తెప్పించిన గుడ్డ పటం ఒకటి బల్ల మీద పరిచాడు. మిరపచేలో రైతు పురుగుమందు కొడుతున్నాడు. వీపు వెనక వేపచెట్టు, చెట్టుకీ మనిషికీ మధ్య మనిషి వైపు చూపే తెల్లబాణం. బాణం లోపల ఇంగ్లీషులో నాలుగు చిన్నమాటలు.

"దీని మీద ఇంగ్లీషు చెరిపి తెలుగు రాయాలయ్యా. ఎల్లుండి కీసరలో మీటింగు. ఇది బాగుంటే ఇంకా ముప్పై పటాలు నీకే," అని ఆఫీసరు సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చాడు. అందులో ఉన్నది: గాలి వచ్చు దిక్కునకు వీపు త్రిప్పి ఔషధమును చల్లవలెను.

కృపారావు ఇంటికొచ్చి అక్షరాలు లెక్కపెట్టాడు. ఇంగ్లీషులో పద్నాలుగు. తెలుగులో ఇరవై రెండు. పైగా ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒకే ఎత్తున కూర్చుంటాయి, మనవాటికి నెత్తిన గుడి, కాళ్ల కింద ఒత్తులు. రెండు వరుసలు రాయాలంటే మూడు వరుసల చోటు కావాలి. సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, కాగితం ముక్క మీద చిన్న అక్షరాల్లో రాసి బాణం మీద పెట్టి చూశాడు. పది అడుగుల దూరం నుంచి చీమల బారులా ఉంది. బాణాన్ని పెద్దది చేద్దామంటే వేపచెట్టు అడ్డం. చెట్టు నరికే అధికారం బోర్డులు రాసేవాడికెక్కడిది!

చివరికి ఉపాయం తట్టింది. రైతు మొహానికెదురుగా ఆకాశమంతా ఖాళీయే కదా. వెనకున్న బాణం మీద ఆకాశం రంగు రెండు పూతలేసి మాయం చేశాడు. ఖాళీలో దర్జాగా పెద్ద అక్షరాలతో వాక్యమంతా రాశాడు. ఆ మాట రైతుకు చెబుతున్నదేనని తెలియడానికి అక్కణ్ణుంచి రైతు వైపు కొత్త బాణమొకటి గీశాడు. ఒక్క ఒత్తు కూడా ఇరుక్కోలేదు. ముచ్చటపడి భార్య కృపావతికి చూపించాడు, పక్కింటివాళ్లకీ చూపించాడు.

మర్నాడు పొద్దున్నే కృపావతి తమ్ముడు శాంతయ్య వచ్చాడు. జగ్గయ్యపేట దగ్గర మిరపచేలల్లో మందు కొట్టే కూలికి వచ్చే వారం నుంచి కుదిరాడు. చదువు రాదు. పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గాలి మొగానికి కొడతంటే మందు కొట్టమన్నారేంది బావా?"

"ఎవరన్నారు? వీపు తిప్పమని రాశా కదా."

"రాసింది నాకేం తెలుసు? బాణం ఎదురుంగా వస్తంది గందా."

కృపారావు వెనక్కి జరిగి, చదవడం రానట్టు నటిస్తూ తన పటాన్ని తనే చూశాడు. నిజమే. గాలి ఎదురుగా వచ్చి మందంతా మనిషి మొహాన పోస్తోంది.

"మరి నువ్వైతే ఎట్టా చెప్తావురా?"

"గాలి వీపుకు తగలాలి. అంతే."

కృపారావు వేళ్లమీద లెక్కేశాడు. తొమ్మిది అక్షరాలు. కింద వేలాడే ఒత్తు ఒక్కటీ లేదు! పటం చుట్టి, శాంతయ్యని వెంటబెట్టుకుని బ్లాకు ఆఫీసుకి పరిగెత్తాడు.

భవానీప్రసాద్ ముందు బిగుసుకున్నాడు. "ఆఫీసరుగారు సంతకం పెట్టిన మాట. మార్చడానికి నువ్వెవరు, నేనెవరు?"

"ముప్పై పటాలు వేరేవాళ్లకివ్వండి సార్. ఇది మాత్రం ఇట్టా పోనివ్వకండి. మందు కొట్టేది వీడండి," అన్నాడు కృపారావు.

శాంతయ్య పటంలో రైతు నిలబడ్డట్టే నిలబడి, బాణం ఎటునుంచి వస్తోందో చేత్తో చూపించాడు. భవానీప్రసాద్ పటాన్నీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. కాగితం తీసుకుని లోపలికెళ్లి, అరగంటకి బయటికొచ్చాడు. పాతవాక్యం కొట్టేసి ఉంది, పక్కన కొత్త సంతకం.

సాయంత్రానికి ఆకాశంలో రాత చెరిగి, బాణం తిరిగి వెనక్కి చేరింది. దాని లోపల 'గాలి' ఒక వరుస, 'వీపుకు తగలాలి' ఒక వరుస, పెద్ద అక్షరాలతో హాయిగా పట్టాయి.

కీసర మీటింగులో కృపారావు పటం పక్కన చేరి జనం కళ్లనే చూశాడు. అతనికి తెలుసుకోవాలని ఉంది: ఎవరైనా ముందు ఏం చూస్తారు? అందరి కళ్లూ ముందు రైతు మీదికి, తర్వాత బాణం మీదికి పోయాయి. అక్షరాల దాకా వచ్చినవాళ్లు ఏ పదిమందో. పన్నెండేళ్లుగా అక్షరాలే లోకమనుకున్న మనిషికి అది వింతగానూ ఉంది, కాస్త చిన్నతనంగానూ ఉంది.

జనం లేస్తుంటే ఒక ముసలాయన పటం ముందు ఆగాడు. బాణాన్ని వేలితో తడిమాడు. తలెత్తి గాలి ఎటుందో చూసుకుని, మెల్లగా తిరిగి గాలికి వీపు పెట్టి నిలబడ్డాడు. భుజాన లేని మందు పంపు ఉన్నట్టు రెండు చేతులూ ఆడించి చూసుకుని, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

తను మొదట గీసిన బాణంతోనే పటం వచ్చి ఉంటే ఆయన అంతే నమ్మకంగా గాలికి ఎదురు తిరిగి ఉండేవాడు. కృపారావు పటం చుట్టబోయి ఆగి, బాణం ఎటు చూపిస్తోందో ఇంకోసారి సరిచూసుకున్నాడు.