చుక్కలు పడ్డాయన్నారు

నా రిజిస్టరులో ఒక గడి ఉంది. అందులో మొదట నీలి సిరాతో మూడు టిక్కులు, వాటి మీద ఎర్ర గీత, పక్కన నా సంతకం ఉంటాయి. రేపు ఎవరు తిరగేసినా కనబడేది అంతే. ఆ గీత కొట్టడానికి ముందు ఏం జరిగిందో రాయడానికి రిజిస్టరులో చోటు లేదు. నా తర్వాత ఈ ఊళ్లో ఆశ కార్యకర్తగా పని చేసే ఆమెకైనా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది జనగామలో. బడి తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. పెళ్లయి కురవి పక్క పల్లెకు వచ్చాక, ఆయన పోయాక, పిల్లలు లేని ఇంట్లో సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉండేవి. వారానికి రెండుసార్లు బస్సెక్కి మహబూబాబాద్ గ్రంథాలయానికి పోయేదాన్ని. అప్పటికే ఆశ పనిలో ఉన్నాను. శిక్షణలో మాకు చెప్పింది చేస్తే చాలు. నాకు మాత్రం ఎందుకు చేయాలో కూడా తెలియాలి. పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు తెచ్చే రోటా వైరస్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుందని, ఆ పొర మీద నూగులాంటి మొలకలు ఉంటాయని, నీటినీ పాలనూ పీల్చుకునేవి అవేనని అక్కడే చదివాను. ఆ మొలకలు రాలిపోతే తాగింది తాగినట్టే బయటికి పోతుంది. ఇదంతా ఎవరికైనా చెప్పాలని మనసు కొట్టుకునేది. చెబితే ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

"కడుపుల నూగుంటదా? నీ కడుపుల పుస్తకాలుంటయి తియ్!" అనేది బోరింగు దగ్గర ఒకామె.

నేనూ నవ్వేదాన్ని. కానీ ఇంటికి వచ్చి తలుపు వేసుకుంటే, తెలిసింది చెప్పుకునే మనిషి ఒక్కరూ లేరనిపించేది.

ఆ చలికాలం మొదట్లో మా వాడకట్టు కోడలు ఒకామె భూపాలపల్లిలోని తల్లిగారింటి నుంచి ఐదు నెలల పాపతో వచ్చింది. తొలి కాన్పు తల్లిగారింట్లో కావడం మా దగ్గర మామూలే. అక్కడి ఆశ వద్ద పేరు ఉంటుంది, మనిషి ఇక్కడికి వస్తుంది. అలాంటి పిల్లలను అడిగి రాసుకోవాలి. నేను అడిగాను.

"అక్కా, పాపకు సూదులు, చుక్కలు అన్నీ అయినయా?"

ఆమె అత్తగారు వాకిట్లో పల్లికాయ ఒలుస్తూ తలెత్తకుండానే చెప్పింది. "అన్ని అయినయి. ప్రైవేటు దవాఖానల మూడుసార్లు ఏపిచ్చిన్రు. సూదులేసిన్రు, చుక్కలేసిన్రు."

"కార్డేది?"

"గాడనే ఉన్నది. పండుగకు పోయినప్పుడు తెచ్చుకుంటం."

మా ఊరి టీకాల సెషనులో ఆరు, పది, పద్నాలుగు వారాలకు పోలియో చుక్కలూ రోటా మందూ ఒకే పూట నోట్లో వేస్తారు. ఊళ్లో రెండింటికీ ఒకటే పేరు, చుక్కలు. నా నోటికీ అదే అలవాటు. పోలియో గడిలో మూడు టిక్కులు పెట్టాను. దాని కింది రోటా గడిలోనూ మూడు పెట్టాను. ఫోనులో కార్డు ఫొటో పంపించమని అడిగితే నిమిషం పట్టేది కాదు.

పాపకు ఏడు నెలలు వచ్చిన వారంలో ఒక పొద్దున కబురు వచ్చింది. రాత్రి నుంచి కక్కుతోందని, నాలుగుసార్లు నీళ్లలా పోయిందని. వెళ్లాను. పాప తల్లి చంకలో ఉండి నా చేతిసంచీ పట్టుకోబోయింది. ఆడుతోంది కదా అనుకున్నాను. పొట్ట మీద చర్మం పట్టి చూడలేదు. చెంచాతో నీళ్లిచ్చి ఎలా తాగుతుందో చూడలేదు. ఆ రోజు గ్రంథాలయంలో నేను నెలన్నరగా ఎదురుచూస్తున్న పుస్తకం వచ్చిందని కబురు ఉంది. బస్సు పదింటికి.

"పండ్లు ఎల్తున్నయి చెల్లె, గందుకే," అంది అత్తగారు.

"పండ్లకు మోషన్లు కావక్కా. ఇది రోటా కావచ్చు. అయితే మూడుసార్లు మందు పడ్డది గద, తేలికగనే పోతది. పరేషాన్ కాకున్రి." ఓఆర్ఎస్ పాకెట్లు, జింకు గోలీల షీటు ఇచ్చాను. పాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలని, మోషను అయినప్పుడల్లా అరకప్పు దాకా చెంచాతో పట్టాలని, రోజుకొక గోలీ తల్లి పాలలో కరిగించి పద్నాలుగు రోజులు వేయాలని గడగడ చెప్పాను. ఎప్పుడు దవాఖానకు పరుగెత్తాలో మాత్రం చెప్పలేదు. మందు పడిన బిడ్డ అని నా మనసు అప్పటికే తేలికపడిపోయింది.

మర్నాడు పదకొండు గంటలకు మళ్లీ వెళ్లాను. గుమ్మంలోనే ఆముదం వాసన వచ్చింది. పాప నడినెత్తిన మాడ మీద ఆముదం ముంచిన గుడ్డపీలిక పరిచి ఉంది. "మాడ గుంట పడ్డది. ఆముదం పెడితే లేస్తదని పెట్టిన," అంది అత్తగారు. ఆ గుంట రోగం కాదని, ఒంట్లో నీరు ఇంకిపోయిందని చెప్పే గుర్తని నేను ఎన్నిసార్లు చదివానో! గుడ్డ తీశాను. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పిలిస్తే రెప్ప మెల్లగా లేచి వాలిపోయింది. బొడ్డుకూ పక్కకూ మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో నిలువుగా పట్టి వదిలాను. ఒకటి. రెండు. మడత ఇంకా అట్లాగే నిలబడి ఉంది. చెంచాతో ఓఆర్ఎస్ పెదవికి తాకిస్తే కొంచెం మింగింది, మిగిలింది చెంప మీద నుంచి కారింది.

"మూత్రం ఎప్పుడు పోసింది?"

తల్లి ఏడుస్తూ చెప్పింది. "నిన్న పొద్దుమూకినప్పటి సంది లేదు ఆశమ్మా. కక్కుతుందని నీళ్లు గూడ ఆపినం. దవాఖానకు పోదామని నిన్ననే అన్న..."

అత్తగారు అందుకుంది. "నేనే ఆపిన. మందు పడ్డది, తేలికగ పోతదని నువ్వే అంటివి గద చెల్లె."

నూటెనిమిదికి ఫోన్ చేశాను. బండిలో తల్లి పాపను ఒళ్లో పెట్టుకుని చెంచాతో చుక్కచుక్కగా ఓఆర్ఎస్ పట్టింది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టించాను. అలా పట్టడం నిన్నటి నుంచే జరగాల్సింది.

మహబూబాబాద్ దవాఖాన పిల్లల వార్డులో నర్సు రెండో ప్రయత్నంలో నరం దొరికించుకుంది. పాపను తూచి, ఆ బరువుకు తగిన సెలైను కొంత మొదటి గంటలో, మిగిలింది ఐదు గంటల్లో ఎక్కాలని లెక్కవేశారు. డాక్టరమ్మ తల ఎత్తకుండా అడిగింది. "రోటా పడిందా?"

"మూడు డోసులు పడ్డయి మేడమ్," అన్నాను.

తల్లి నా వైపు చూసింది. "రోటా అంటే ఏంది ఆశమ్మా? మాకు ఏసినయి పోలియో చుక్కలు."

ఆమె తన తమ్ముడికి ఫోన్ చేసింది. భూపాలపల్లి నుంచి కార్డు ఫొటో వచ్చింది. సూదుల వరుస నిండి ఉంది. పోలియో వరుస నిండి ఉంది. రోటా వరుసలో మూడు గడులూ ఖాళీ. ఆ ప్రైవేటు దవాఖానలో అది అడిగిన వాళ్లకే వేస్తారట. వీళ్లకు అడగాలని తెలియదు. నాకు తెలుసు, నేను అడగలేదు.

డాక్టరమ్మ రాసుకుని వెళ్లిపోయింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తోడుగా వచ్చిన వాళ్లు గుంపులుగా టిఫిన్లు పంచుకుంటున్నారు. నాకు ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. సంచీలో గ్రంథాలయం పుస్తకం ఉంది, తెరవబుద్ధి కాలేదు.

నర్సు బయటికి వచ్చి పక్కన నిలబడింది. "ఈ చలికి వెనకట మంచానికి ఇద్దర్ని పండవెట్టేటోళ్లం. అందరికి గిదే, సెలైన్లే. రోటా మందు వచ్చినంక సగం మంచాలు ఖాళీగుంటున్నయి. పిల్లలకు మోషన్లు అసలే కావని కాదు, అయితయి. గిట్ల పడిపోయేదాక రావు, ఇంటికాడనే తగ్గుతయి."

ఖాళీ మంచాలను చూశాను. వాటి మీద లేని పిల్లలంతా వాళ్ల వాళ్ల ఇళ్లలో ఆడుకుంటూ ఉంటారు. ఈ ఒక్క మంచం నిండడానికి మాత్రం కారణం నాకు తెలుసు.

పొద్దు గూకేవేళకు పాప ఏడ్చింది. ఏడుపులో కన్నీళ్లు ఉన్నాయి. కాసేపటికి తల్లి ఒళ్లో వెచ్చగా మూత్రం పోసింది. "పోసింది! పోసింది!" అని ఆమె వార్డంతా వినబడేలా అరిచింది. చీర మార్చుకోనే లేదు, అట్లాగే పాలకు పట్టుకుంది.

మూడో రోజు ఇంటికి పంపించారు. ఆ పొద్దునే, టీకాలు వేసే మా ఏఎన్ఎం సిస్టరుకు జరిగింది చెప్పాను. ఆమె రిజిస్టరు తెరిచి ఆ గడి చూసింది. "గీత కొట్టు. దాని మీద తెల్ల సిరా పూయకు, అందరికి కనపడాలె," అంది. ఆ రోజే తల్లిగారింటి నుంచి వచ్చిన పిల్లలందరి ఇళ్లకూ పోయి, చుక్కలు అనకుండా, రోటా అని పేరు పెట్టి అడిగి, కార్డు చూశాను. ఇంకో ఇద్దరి గడులు ఖాళీగా తేలాయి. ఇద్దరికీ ఇంకా ఏడాది నిండలేదు, మొదలుపెట్టే వీలుంది.

పాప తల్లికి చెప్పడం మాత్రం రోజూ వాయిదా వేశాను. రోజూ పోయి జింకు షీటు చూసేదాన్ని. ఆరో రోజు గోలీ షీటులోనే ఉంది.

"మోషన్లు ఆగినయి గద, ఇంకెందుకు?" అంది అత్తగారు.

"పేగుల పొర ఇంకా మానుతనే ఉంటదక్కా. మొత్తం పద్నాలుగు ఏస్తే ముందల రెండు మూడు నెలలు మళ్ల రావుడు గూడ తగ్గుతది." ఈసారి నూగు మాట ఎత్తలేదు. ఆమె గోలీ తీసి పాలలో కరిగించింది.

వాళ్లు ఖాళీ జింకు షీటు నా చేతికిచ్చిన రోజు చెప్పేశాను. చుక్కలంటే రెండూ అనుకున్నానని, కార్డు చూడకుండా టిక్కు పెట్టానని, ఆ టిక్కును నమ్మి పాపను సరిగా చూడకుండా బస్సుకు పోయానని. తల్లి పాపను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది.

"గన్ని పుస్తకాలు సదివితివి. చుక్కలు రెండు తీర్లుంటయని గండ్ల లేదా?"

"ఉన్నదక్కా. నేనే అడగలె."

ఎవరూ కూర్చోమనలేదు. వచ్చేశాను. ఆ తర్వాత పది రోజులు ఆ వాకిట్లో నుంచి నన్ను ఎవరూ పిలవలేదు.

బుధవారం సెషనుకు ఆ తల్లి పాపను ఎత్తుకుని వచ్చింది. నాతో మాట్లాడకుండా వరుసలో కూర్చుంది. వంతు వచ్చాక సిస్టరును అడిగింది. "ఇది రోటానేనా? పేరు సూపియ్యున్రి." సిస్టరు చూపించింది. పాప నోరు తెరవలేదు. తల్లి తల ఎత్తి నా వైపు చూసింది. నేను వెళ్లి పాప బుగ్గలు మెల్లగా నొక్కి పట్టుకున్నాను. మందు పడింది. రిజిస్టరులో కొత్త వరుసలో ఒక్క టిక్కు పెట్టాను, ఆమె కార్డు పక్కన పెట్టుకుని.

పేర్లు రాస్తే వాళ్లు ఒప్పుకోరు, అందుకని ఇలాగే దండం పెడుతున్నాను. రెండోసారికి నరం దొరికించిన నర్సుకు. గీత కనపడాలన్న సిస్టరుకు. ఆలస్యంగా తిరిగిచ్చిన పుస్తకానికి జరిమానా అడగని గ్రంథాలయం పెద్దాయనకు. నా ముఖం మీదే అడిగిన ఆ అత్తగారికి. ఇంకా నాతో సరిగా మాట్లాడకపోయినా, ఆ రోజు బిడ్డను నా చేతులకు అందనిచ్చిన ఆ తల్లికి.