రెండు డబ్బాల్లో ఒకే బాలయ్య

బోధన్ బస్టాండు ఎదురుసందులో సవితకు ఒక కంప్యూటర్ షాపు ఉంది. షాపంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు పెళ్లికార్డుల నమూనాలు, మూలన చాప మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి సుమిత్రమ్మ. ఫ్లెక్సీలకూ కార్డులకూ సందులో ఇంకో మూడు షాపులున్నా జనం సవిత దగ్గరికే వస్తారు. ఆమె టైపు చేసిన కార్డులో వరుస తప్పదు. ఆ విద్య ఆమెకు కంప్యూటర్ కోర్సులో రాలేదు. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తూ నేర్చుకుంది. పదిమంది ఆడవాళ్లు బీడీలు చుట్టేచోట ఎవరికెవరు ఏమవుతారనే లెక్క తేలకుండా ఒక్క కట్ట కూడా పూర్తికాదు మరి.

అలాంటి సవిత దగ్గరికి పెళ్లి నాలుగు రోజులుందనగా రుద్రూరు నుంచి విమలమ్మ వచ్చింది. వెంట భర్త రాజారాం, చేతిలో ఫోను. ఫోనులో ఒక స్క్రీన్‌షాట్. హైదరాబాదులో చదివే మరిది కొడుకు శ్రీధర్ రెండు నెలలు చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఒక యాప్‌లో వంశవృక్షం గీశాడట. దాన్ని ఫొటో తీసి పంపాడు. చిన్న చిన్న డబ్బాలు, గీతలు, ఒక్కో డబ్బాలో పేరు, ఊరు, కింద ఇంగ్లీషులో అంకులో ఆంటీయో కజినో. చూస్తుంటే చెరకుతోటలో దారి తప్పినట్టుంది.

"బట్టలు పెట్టేటప్పుడు మైకుల పేర్లు పిలుస్తరు గద సవితా. అఖిలకు ఎవలు ఏమైతరో ఒక్క కాయిదం మీద వరుసగ కొట్టియ్యి," అంది విమలమ్మ. "మొన్న మా ఊర్ల ఒక పెండ్లిల పెద్దనాయనను పట్టుకొని మామ అని పిలిచిండ్రు. ఆయన బువ్వ తినకుంటనే పోయిండు."

"గంతేనా అక్కా. ఒక్క నిమిషం పని," అంది సవిత.

ఒక్క నిమిషమే పట్టింది కూడా. ఈమధ్య ఫోనులో అడిగిందల్లా రాసిపెట్టే యాప్ ఒకటి ఆమెకు అలవాటైంది. దానికి స్క్రీన్‌షాట్ ఇచ్చి, తెలుగులో పట్టిక వేయమంది. గడులు గీసుకుని, వరుస నంబర్లతో సహా, ముచ్చటైన పట్టిక వచ్చేసింది. సవిత గర్వంగా పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో గడి దగ్గరే గొంతు తగ్గింది.

రాజారాం సొంత అన్నను ఆ యాప్ పెళ్లికూతురికి మామయ్యను చేసింది. విమలమ్మ చెల్లెలి కొడుకు ప్రశాంత్‌ను బావను చేసింది.

విమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా బావ నా బిడ్డకు మామ అయితే నాకు అన్న కావాలె గద. పెండ్లైన కాడినుంచి ఆయన ముంగట నెత్తిన కొంగు తియ్యలే. ఇప్పుడు పోయి అన్నా అని పిలువాల్నా ఏంది?"

సుమిత్రమ్మ నవ్వుకు చాటలోని తంబాకు చెదిరింది. "తమ్మున్ని బావ జేసినంక ఇంకేమున్నది? పెద్దోడా చిన్నోడా, అమ్మ తరఫా బాపు తరఫా అని అడగకుంట వరుస జెప్పుతదా అది? దాన్ని పక్కకు వెట్టి నువ్వే కొట్టు."

సవితకు రోషం వచ్చింది. యాప్ మీద కాదు, తనమీద తనకే. అంకుల్ అన్న ఒక్క ముక్కలో పెద్దనాయన, చిన్నాయన, మేనమామ, మేనత్త మొగుడు అందరూ కుక్కుకుని కూర్చుంటారని తనకు తెలియదా? కొత్త పేజీ తెరిచి నాలుగు గడులు గీసింది. మొదటిది పేరు, రెండోది ఎవరి ద్వారా చుట్టం, మూడోది పెద్దా చిన్నా, చివరిది అఖిలకు ఏమవుతారు. మొదటి మూడూ నిండకుండా నాలుగోది ముట్టకూడదని తనకు తానే నియమం పెట్టుకుంది. స్క్రీన్‌షాట్‌లో పుట్టిన సంవత్సరాలు లేవు. అందుకని ప్రతి డబ్బాకూ మొగుడూపెళ్లాలను నిలదీసింది.

"ఈయన మీకన్న పెద్దనా?"

"రెండేండ్లు పెద్ద," అన్నాడు రాజారాం.

"అయితే పెద్దనాయన. ఈయన?"

"నాకన్న చిన్నోడు. శ్రీధర్ వాళ్ల బాపు. శ్రీధర్ అఖిల కన్న పెద్ద, ప్రశాంత్ చిన్న."

"అయితే చిన్నాయన. శ్రీధర్ అఖిలకు అన్న. అక్కా, మీ చెల్లె చిన్నమ్మ, ఆమె కొడుకు ప్రశాంత్ తమ్ముడు. బతికిపోయిండు."

పని ఊపందుకుంది. పోయినవాళ్లను మైకులో ఎవరూ పిలవరు. అయినా దారి తెలియాలంటే వాళ్లూ ఉండాలని సవిత వాళ్లకూ ఒక్కో గడి కేటాయించింది. స్క్రీన్‌షాట్ ఎడమ అంచున విమలమ్మ తల్లి, ఆమె పైన అమ్మమ్మ పోసవ్వ, ఇంకా పైన పోసవ్వ తండ్రి. "బాలయ్య, ముప్కాల్ దిక్కు మునిగిన ఊరు" అని రాసి ఉంటే ఉన్నదున్నట్టు కొట్టింది.

అప్పుడు విమలమ్మ, అప్పటిదాకా కడుపులో దాచుకున్న మాట బయటపెట్టింది.

"మేనమామ గడి ఖాళీగనే ఉంచు సవితా. నాకు అన్నదమ్ములు లేరు."

సుమిత్రమ్మ బీడీ చుట్టడం ఆపి తలెత్తింది. మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తే తప్ప పెళ్లికూతురు మంటపానికి రాదు. ఇప్పుడు ఎవరో ఒకరు మోస్తారు, పెళ్లి ఆగదు. కానీ ఆ ఎవరో ఒకరు అన్న మాటే విమలమ్మకు ముల్లు.

"పుట్టింటోల్లు ఒడిల పోసే ఒడిబియ్యానికి కూడ ప్రతిసారి నేనే చీర కొనుక్కొని వాల్లే పెట్టిండ్రని చెప్పుకుంట," అందామె నేలచూపులు చూస్తూ. "ఆయనకు తెల్సు. అయినా ఎన్నడు అడగలే."

రాజారాం గోడమీది పెళ్లికార్డులను ఎంతో శ్రద్ధగా చూడసాగాడు. సవిత మళ్లీ కీబోర్డు వైపు తిరిగింది. పని చేసుకుపోయింది.

కుడి అంచుకు వచ్చింది. అక్కడ రాజారాం అక్క జ్యోతిరాణి, ఆమె భర్త లింబాద్రి. మేనత్త, మేనత్త మొగుడు కాబట్టి మామ. అది సులువే. లింబాద్రి పైన కూడా శ్రీధర్ ఓపికగా మూడు డబ్బాలు గీశాడు. తల్లి, అమ్మమ్మ ఈరవ్వ, ఆమె తండ్రి. సవిత చూడకుండానే కొట్టుకుపోయింది. "బాలయ్య, ముప్కాల్ దిక్కు మునిగిన ఊరు."

చేతివేళ్లు ఆగాయి. ఈ ముక్కను ఇవే వేళ్లు ఇందాకే కొట్టాయి.

ఆమె పట్టికను పైకి జరిపింది. కిందికి జరిపింది. ఫోనులో బొమ్మను ఎడమకు లాగింది, కుడికి లాగింది. పటంలో రెండు డబ్బాలకూ మధ్య మూరెడు దూరం. ఒక్క గీత లేదు. చెప్పినవాళ్లు చెప్పినట్టే శ్రీధర్ రాసుకుంటూ పోయాడు, యాప్ ఇద్దరు బాలయ్యలను గీసింది.

"అక్కా, మీ అమ్మమ్మ పోసవ్వకు అక్కచెల్లెండ్లు ఉండెనా?"

"ఒక అక్క ఉండెనంట. పోచంపాడు ప్రాజెక్టుల ఊరు మునిగినంక ఎవల దారి వాల్లదే. నేను ఎన్నడు సూడలే."

దొరికినట్టే అనిపించింది సవితకు. కానీ బాలయ్యలు ఊరికి పదిమంది ఉంటారు. పేరు చూసి చుట్టరికం కలిపితే ఆ యాప్‌కూ తనకూ తేడా ఏముంటుంది? రాజారాం చేత లింబాద్రికి ఫోను చేయించి స్పీకర్ పెట్టింది. నిజాంసాగర్ కాలువ కింద చెరకుకు నీళ్లు కడుతున్నాడేమో, నీళ్ల చప్పుడు కూడా వినిపించింది.

"మామా, మీ అమ్మమ్మ ఈరవ్వకు తోడబుట్టినోల్లు ఉన్నరా?" అని అడిగింది సవిత.

"ఒక చెల్లె ఉండెనంట. రుద్రూరు దిక్కు ఇచ్చిండ్రని చెప్పుతుండె. పేరు పోసవ్వ. ఎందుకు బిడ్డా?"

విమలమ్మ కుర్చీ అంచుకు జరిగింది. సవిత చెయ్యెత్తి ఆగమంది. ఇంకొక్క ముడి.

"వాల్ల బాపు బాలయ్యను ఊర్ల ఏమని పిలుస్తుండ్రి?"

"ఆరువేళ్ల బాలయ్య అందురంట. ఎడమచెయ్యికి..."

"ఆరు వేళ్లు," అంది ఇటునుంచి విమలమ్మ. "మా అమ్మ చెప్పేది. ఆరువేళ్ల బాలయ్య మనుమరాలినని."

సవిత వేళ్లమీద లెక్కపెట్టింది. ఈరవ్వ, పోసవ్వ అక్కచెల్లెళ్లు. అక్కచెల్లెళ్ల బిడ్డలు అక్కచెల్లెళ్లే. ఆ అక్కచెల్లెళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు. పుట్టింటికి పోతేనే కదా ఆడపిల్లలు కలుసుకునేది. ఆ పుట్టిల్లే నీళ్లలోకి పోయింది. రెండు తరాలు ఒకరినొకరు మరిచిపోయి, మూడో తరం ఒకే ఇంటి చుట్టాలై కూడా తెలుసుకోలేకపోయింది.

"లింబాద్రి మామా, మీకు ఎన్నేండ్లు?"

"యాభై ఎనిమిది."

"అక్కా, మీకు?"

"నలభై తొమ్మిది."

"అయితే అన్న," అంది సవిత. "మీ అమ్మ అక్కచెల్లెలి కొడుకు, మీకు సొంత వరుస అన్న. అఖిలకు ఒట్టి మామ కాదు, మేనమామ."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఫోనులో లింబాద్రి ఏమో అంటున్నాడు, వెనక జ్యోతిరాణి ఏమైందని కేకేస్తోంది. విమలమ్మ నవ్వుతూ ఏడుస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచి సుమిత్రమ్మ చాటను తన్నేసింది. బీడీలన్నీ షాపంతా దొర్లాయి. వాటిని ఏరుకునే తీరిక ఎవరికీ లేదు.

"వీల్ల ఆడపిల్ల ఆయనకు, ఆయన చెల్లె ఈయనకు," అంది సుమిత్రమ్మ నేలమీద నుంచే. "తెల్వకుంటనే కుండమార్పిడి జేసుకున్నరు గదనే."

అందరి వరుసలూ సరిచూడాలి కదా అని సవిత మళ్లీ పట్టిక పట్టింది. విచిత్రం ఏమిటంటే పిలుపుల్లో ఒక్కటీ మారలేదు. రాజారాంకు అక్క మొగుడిగానూ బావే, పెళ్లాం అన్నగానూ బావే. విమలమ్మకు జ్యోతిరాణి మొగుడి అక్కగానూ వదినే, అన్న పెళ్లాంగానూ వదినే. ఆడబిడ్డ మొగుణ్ని అన్నా అనడం మర్యాద కాబట్టి, కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్ల నుంచీ ఆమె లింబాద్రిని అన్నా అనే పిలుస్తోంది. సవిత మార్చింది అఖిల గడిలో ఒకే ఒక్క మాట. మామ కొట్టేసి మేనమామ అని రాసింది. కొత్తగా చేరిన 'మేన' అన్న ఆ రెండక్షరాలే తప్పుపడి రెండుసార్లు దిద్దుకుంది.

పెళ్లికి సవిత తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది. బోధన్ ఫంక్షన్ హాల్లో మైకువాడు ఆమె పట్టిక చేతబట్టుకుని పెద్దనాయనను పెద్దనాయన అనే పిలిచాడు, ఎవరూ అలగలేదు. లింబాద్రికి మోకాళ్ల నొప్పులు. అయినా గంపకు రెండో మనిషిని పట్టనివ్వనని మొండికేశాడు. నాలుగడుగులు వేసి ఊగాడు. జ్యోతిరాణి పక్కనుంచి, "బిడ్డను పడేస్తవ్, ఒడుపుగ నడువు" అని మందలించింది. గంపలో అఖిల తలంబ్రాల చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. ఎలాగో ఒకలా మంటపం చేరారు. హాలంతా చప్పట్లు. సుమిత్రమ్మ అయితే నిలబడి కొట్టింది.

తర్వాత లింబాద్రి దంపతులు విమలమ్మను పీట మీద కూర్చోబెట్టారు. చీర ఆమె చేతిలో పెట్టి, ఒడిలో బియ్యం పోయసాగారు. తను కొనుక్కోని చీరను విమలమ్మ రెండు చేతులా తడిమి చూసుకుంది. ఐదో దోసిలికి తలెత్తి అతన్ని చూసింది.

"చాలే అన్నా," అంది.

ఇరవై ఆరేళ్లుగా పిలిచిన పిలుపే. లింబాద్రి ఇంకో దోసిలి పోశాడు.