గెజిబోలో తప్పిన దారి

గోదావరిఖని ఎండాకాలపు మధ్యాహ్నాల్లో, కూలర్ హోరులో సగం జోగుతూ నేనొక గనిలో తిరిగేదాన్ని. బొగ్గు లేని గని. కంప్యూటర్లో, నిజంలాంటి ఉత్తుత్తి చోట్లు కట్టే గెజిబో అనే ప్రోగ్రాంలో నేనే కట్టుకున్నది. గాలి పాడైన గనిలోకి మనుషులకంటే ముందు పోయి దారి గీసి చూపే రోబోను మా చిన్న ఆఫీసులో తయారుచేస్తున్నాం. ఆ దారి పట్టుకుని వెనక నడిచేది రెస్క్యూ బృందం. అందులో మా ఆయన ఒకడు. మేనబావే కాబట్టి నాకు ఇప్పటికీ బావే.

ఆ గెజిబో గనిలో రోబో నకలును నడిపిస్తే, మొదట్లో తెరమీద అంతా కలలా సాగింది. దూరాలు కొలిచే దాని లేజరుకు గోడలు స్కేలుతో గీసినట్టు కనిపించేవి. రోబో ఎక్కడికి పొమ్మంటే అక్కడికి బుద్ధిగా చేరేది. మా సీనియర్ మురిసిపోయి, "ఇగ చాలు చెల్లె, సోమవారం గనిల దింపుదాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంత శుభ్రమైన చూపు ఎవరికుంటుంది?

అసలు రోబోను బల్లమీద కదలకుండా పెట్టి, అదురు తగలకుండా కూలర్ కూడా ఆపి, దాని సెన్సర్లు చెప్పేదంతా రికార్డు చేశాను. చెమటలో తడుస్తూ చూస్తుంటే నాకూ కళ్ళు తిరిగినట్టయింది. ఎదురుగోడ దూరం ప్రతిసారీ కాస్త అటూ ఇటూ వణుకుతోంది. తిరుగుడును కొలిచే జైరో అయితే, కదలని రోబో మెల్లగా ఎడమకు తిరుగుతోందని చెబుతోంది. దానిమీద జాలేసింది. ఆ వణుకెంతో, ఆ ఎడమ మొగ్గెంతో లెక్కగట్టి, గెజిబోలోని సెన్సర్లకూ అదే నలత అంటించాను.

మళ్ళీ నడిపించాను. లేజరు చూపులో గోడలకు నూగు పట్టింది. బొగ్గు పిల్లర్ల మధ్య నడిచే దారులు, ఆ గ్యాలరీలన్నీ ఒకేలా ఉంటాయి. జైరో మాట నమ్మి కొంచెం కొంచెంగా లెక్క తప్పిన రోబో, పక్క గ్యాలరీ గోడల్ని తను చేరాల్సినవే అనుకుని, అక్కడ హాయిగా ఆగిపోయింది.

అప్పుడే డ్యూటీ దిగిన బావ నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. రోబో తను ఎక్కడున్నాననుకుంటోందో చూపే కిటికీ తెరమీద ముందుంది.

"మంచిగనే చేరింది గదనే. ముఖం గట్ల పెట్టినవేంది?" అన్నాడు.

దాని వెనకున్న గెజిబో కిటికీని పక్కకు తెచ్చి చూపించాను. "అది అనుకునేది గిది, బావా. నిజంగ ఉన్నది గీడ, పక్క గ్యాలరీల."

ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "కింద మాకు రెండూ కనవడ్తయా?"

"లేదు. గెజిబో కాబట్టి నిజం కనవడ్తున్నది. కింద నువ్వు చూసేది గీ మొదటిదొక్కటే."

ఆ మాట అన్నాకే నాకు భయమేసింది. బావ ఎదుటే సీనియర్‌కు ఫోన్ చేసి, సోమవారం దింపొద్దన్నాను.

"కంప్యూటర్ల తప్పిపోతే ఏమైతది చెల్లె?" అన్నాడు సీనియర్.

"కంప్యూటర్ల రోబో తప్పిపోయింది, అన్నా. గనిల బావ తప్పిపోతడు."